పాత ల్యాప్‌టాప్‌లో ఆ రోజుల ఆట ఆడాలంటే: కేవ్ స్టోరీనా, షవల్ నైటా, స్పెలంకీనా, సెలెస్టెనా?

మొన్న మా బావ అటక మీద నుంచి పాత ల్యాప్‌టాప్ ఒకటి దించి, దుమ్ము దులిపి, "ఒరేయ్, చిన్నప్పుడు టీవీకి క్యాసెట్ పెట్టి ఆడేవాళ్ళం చూడు, అలాంటిదేదన్నా దీంట్లో నడుస్తుందంటావా" అన్నాడు. బొమ్మలు గళ్ళుగళ్ళుగా ఉంటే ఏదైనా నడిచేస్తుందిలే బావా అనేశాను. ఆ నోటి మాట వెనక్కి తీసుకోడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాల్లో తేలిందే ఇక్కడ రాస్తున్నా, అలాంటి మెషీనే మీ దగ్గరా ఉంటే నేను తిరిగిన తిరుగుడు మీరు తిరగక్కర్లేదు.

ముందు మెషీన్ సంగతి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, ఇంటెల్ జీఎంఏ 4500 ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్, తిరిగే హార్డ్ డిస్కు, 1366×768 స్క్రీన్, దాని మీద 32 బిట్ విండోస్ 10. నా దగ్గరున్నది దానికంటే కొంచెం కొత్తది, మూడో తరం ఇంటెల్, హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. ఈ రెండింటి మధ్యలోనే అసలు గీత ఉంది, చాలా మంచి రెట్రో గేములు ఆ గీతకి అవతల ఉంటాయి, ఇవతల మిగిలేవి తక్కువే కానీ అవి తక్కువ రకం గేములేం కావు.

పిక్సెల్ బొమ్మ అయితే తేలిక అనుకోవడమే మొదటి పొరపాటు

గేమ్ చూడ్డానికి ఎలా ఉంది అన్నదానికీ లోపల ఏ ఇంజిన్ మీద నడుస్తోంది అన్నదానికీ సంబంధం లేదు. ఆక్టోపాత్ ట్రావెలర్ స్క్రీన్‌షాట్ చూస్తే పాత 16 బిట్ రోజుల బొమ్మలే కనిపిస్తాయి, కింద ఉన్నది మాత్రం అన్‌రియల్ ఇంజిన్ 4, బావ ల్యాప్‌టాప్ దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇంకా మంచి ఉదాహరణ సెలెస్టె, 2018లో వచ్చింది. ఆట జరిగే బొమ్మ సైజు 320×180 మాత్రమే, అంటే ఈ కాలం ఫోన్‌లో ఐకాన్లు దానికి దగ్గర్లో ఉంటాయి. కానీ మనుషులు మాట్లాడుకునేటప్పుడు వచ్చే మొహాలు, మాటల పెట్టెలు, మెనూలు ఇవన్నీ 1920×1080 సైజులో గీస్తుంది. లెవెల్ ఎంచుకునే చోట కనిపించే కొండ పూర్తి 3డీ. అందుకే బలహీనమైన మెషీన్‌లో సెలెస్టె పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది, ఆట మధ్యలో బాగానే ఉంటుంది, మ్యాప్‌కి రాగానే ఈడ్చుకుంటూ పోతుంది. అది చూసి ఆట నడవదు అని అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్ళున్నారు, లెవెల్ లోపలికి వెళ్ళి చూసి అప్పుడు తేల్చుకోవాలి. సెలెస్టె వాళ్ళు రాసుకున్న కనీస అవసరం ఇంటెల్ హెచ్‌డీ 4000, 2 జీబీ ర్యామ్, డైరెక్ట్‌ఎక్స్ 10, డిస్కులో 1.2 జీబీ. నా దానికి సరిగ్గా గీత మీద సరిపోయింది, బావ దానికి కాదు.

షవల్ నైట్ అడిగేది ఇంకొంచెం తక్కువ, రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ అంటే హెచ్‌డీ 2000 లేదా 3000, ప్రాసెసర్ మాత్రం కోర్ 2 డ్యుయో అయినా చాలంటారు. ఇక్కడే జనం పప్పులో కాలేస్తారు. ప్రాసెసర్ పేరు చూసి హమ్మయ్య మన దగ్గర ఉందిగా అనుకుంటారు, కోర్ 2 డ్యుయో కాలం నాటి ల్యాప్‌టాప్‌లో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ జీఎంఏ బాపతే ఉంటుంది, గ్రాఫిక్స్ లైను దగ్గర ఆగిపోతాం. విడిగా గ్రాఫిక్ కార్డు ఉన్న మోడల్ అయితే వేరే సంగతి.

మీ మెషీన్‌లో ఏముందో తెలీకపోతే విండోస్ బటన్ పట్టుకుని R నొక్కి ఇది కొట్టండి:

```
dxdiag
```

అందులో Display ట్యాబ్‌లో గ్రాఫిక్స్ పేరు ఉంటుంది, పక్కన Feature Levels అని ఒక లైను కూడా ఉంటుంది. పేరులో HD Graphics 4000 అని ఉంటే మీకు సెలెస్టె దాకా దారి తెరిచి ఉన్నట్టే, 3000 అయితే షవల్ నైట్ దాకా. GMA అనో, G41, G45 లాంటి చిప్‌సెట్ పేరో కనిపిస్తే కింద చెప్పే తేలిక గేముల దగ్గరే ఆగండి. Microsoft Basic Display అని కనిపిస్తే డ్రైవర్ పడలేదని అర్థం, ఏ గేమ్ పెట్టినా నత్త నడకే, ముందు డ్రైవర్ సంగతి చూడాలి.

గేమ్ తేలికే, దుకాణం బరువు

గేమ్ కన్నా ముందు అడ్డం పడేది స్టీమ్, నెట్‌లో గేములు అమ్మే దుకాణం. స్టీమ్ క్లయింట్ లోపల ఒక బ్రౌజర్ నడుస్తూ ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లో steamwebhelper అని నాలుగైదు సార్లు కనిపిస్తుంది చూడండి, అవే కొన్ని వందల ఎంబీ తినేస్తాయి. 2 జీబీ ర్యామ్‌లో విండోస్ 10 ఒక్కటే సగం పైన కూర్చుంటుంది, దాని మీద ఇదొకటి అంటే గేమ్‌కి మిగిలేది చిన్న పీట. ర్యామ్ అయిపోతే విండోస్ హార్డ్ డిస్కుని వాడుకోవడం మొదలెడుతుంది, అప్పుడు ఆట ఒక్కసారిగా అర సెకను ఆగి మళ్ళీ పరిగెడుతుంది, డిస్కు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇలా ఆగి ఆగి నడుస్తుంటే తప్పు గ్రాఫిక్స్‌ది కాదు, ర్యామ్‌ది.

పైగా విండోస్ 7, 8, 8.1 మీద స్టీమ్ సపోర్టు 2024 జనవరి 1 తోనే ఆగిపోయింది, 32 బిట్ విండోస్‌కి 2026 జనవరి 1 తో అయిపోయింది. బావది 32 బిట్ కాబట్టి స్టీమ్ అనే మాటే పక్కన పెట్టేశాం. ప్రాసెసర్ 64 బిట్‌దే కదా విండోస్ మార్చొచ్చు అంటారేమో, మార్చొచ్చు, 2 జీబీలో 64 బిట్ విండోస్ ఇంకా ఇరుకు, ఆ సంబరం నాకొద్దు. గాగ్, ఇచ్.ఐఓ అనే వేరే దుకాణాల్లో దొరికే కాపీలు క్లయింట్ లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అవుతాయి, పాత మెషీన్ ఉన్నవాళ్ళు కొనేముందు అక్కడ వెతకడం మేలు. కొనేముందు ఆ ఫైల్ 32 బిట్‌లో నడుస్తుందా అన్నది కూడా చూసుకోండి, ఇప్పుడొచ్చే చాలా గేములు 64 బిట్ మాత్రమే.

మీకు గుర్తొచ్చేది బొమ్మా, ఆటా, భయమా

ఇది అడక్కుండా లిస్టు ఇస్తే ఉపయోగం లేదు. పాత ఆటలు ఇష్టం అన్నవాళ్ళంతా ఒకే దాన్ని ఇష్టపడరు. కొందరికి కావాల్సింది ఆ రంగులూ ఆ టిక్కుటిక్కు సంగీతం. కొందరికి లైఫులు అయిపోతాయన్న టెన్షన్. కొందరికి మ్యాప్ అంతా తిరిగి మూసి ఉన్న తలుపుని తర్వాత వచ్చి తీయడం. బావని అడిగితే "నాకు గుర్తున్నది ఒకటే, తుపాకీ మారేది, అది దొరికినప్పుడు భలే ఉండేది" అన్నాడు. అయితే నువ్వు కేవ్ స్టోరీ మనిషివి బావా అన్నాను.

కేవ్ స్టోరీ 2004లో వచ్చింది, పిక్సెల్ అనే పేరుతో దైసుకే అమయా ఒక్కడే ఐదేళ్ళు కూర్చుని తయారు చేశాడు, కథ, బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం అన్నీ ఆయనవే. ఫ్రీగా వదిలాడు, ఇప్పటికీ ఆ ఫ్రీ వెర్షన్ ఫ్రీగానే దొరుకుతుంది, ఇంగ్లీష్‌లోకి మార్చిన కాపీ కూడా ఉంది. తర్వాత డబ్బులకి వచ్చిన కేవ్ స్టోరీ ప్లస్ అనేది వేరు, బొమ్మలు నున్నగా ఉంటాయి, పాత మెషీన్‌కి దాని అవసరం లేదు. ఫ్రీది 2004 నాటి కంప్యూటర్ల కోసం రాసింది కాబట్టి మీ ఇంట్లో ఉన్న ఏ డబ్బా అయినా దానికి ఎక్కువే.

ఆటలో గమ్మత్తేంటంటే తుపాకులకి లెవెల్స్ ఉంటాయి, ఒకటి నుంచి మూడు దాకా. శత్రువుని కొడితే పసుపు రంగు త్రికోణపు ముక్కలు ఎగిరి పడతాయి, ఏరుకుంటే చేతిలో ఉన్న తుపాకీ ఎదుగుతుంది. మీకు దెబ్బ తగిలితే ఆ తుపాకీయే దిగజారుతుంది. అంటే కష్టంలో ఉన్నప్పుడే చేతిలో ఆయుధం బలహీనపడుతుంది, బాస్ ముందు నిలబడి మూడో లెవెల్ నుంచి ఒకటికి జారిపోతే వచ్చే చెమట ఉంది చూడండి, అదే ఆ రోజుల ఆట. అలా అని మరీ కఠినమేం కాదు, ఆరేడు గంటల్లో మామూలు ముగింపు చూడొచ్చు.

పెట్టేటప్పుడు వచ్చే చిక్కులు మూడున్నాయి, మూడూ బావ దగ్గర వచ్చినవే. జిప్ ఫైల్ తెరిచి అందులోంచే డబుల్ క్లిక్ చేశాడు, గేమ్‌కి తన data ఫోల్డర్ దొరక్క తెరుచుకోలేదు, ముందు మొత్తం బయటికి తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఆ ఫోల్డర్‌ని Program Files లో పెట్టొద్దు, ఎందుకంటే సేవ్ ఫైల్ `Profile.dat` అని గేమ్ ఫోల్డర్‌లోనే పడుతుంది, Program Files లోకి రాయనివ్వక విండోస్ దాన్ని ఇంకెక్కడో దాచిపెడుతుంది, రేపు ఫోల్డర్ కాపీ చేసి ఇంకో మెషీన్‌కి తీసుకెళ్తే సేవ్ ఉండదు. డాక్యుమెంట్స్‌లోనో డెస్క్‌టాప్ మీదో పెట్టుకుని, పెద్ద బాస్‌ల ముందు ఆ `Profile.dat` ని ఒక కాపీ తీసి ఉంచుకోండి, ఆటోసేవ్ లేని గేమ్ ఇది, సేవ్ డిస్కు కనిపించిన చోటే సేవ్.

మూడోది స్క్రీన్. `DoConfig.exe` అని పక్కనే ఉంటుంది, అందులో 320×240 విండో, 640×480 విండో, ఫుల్‌స్క్రీన్ అని ఎంచుకోవాలి. ఫుల్‌స్క్రీన్ పెడితే మానిటర్ 4:3 బొమ్మని లాగి వెడల్పు చేసేస్తుంది, హీరో రెండు వైపులా ఉబ్బిపోయి కనిపిస్తాడు. ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆస్పెక్ట్ రేషియో అలాగే ఉంచు అనే ఆప్షన్ పెడితే సరవుతుంది. లేదంటే 640×480 విండోలోనే ఆడేయండి, నేను అలాగే ఆడతా. ఇంకొక చిన్న విషయం, ఈ గేమ్ సెకనుకి 50 ఫ్రేములు నడుస్తుంది, మన స్క్రీన్ 60 సార్లు మారుతుంది, ఆ తేడా వల్ల సెకనుకి పది ఫ్రేములు రెండేసి సార్లు కనిపిస్తాయి, పరిగెత్తేటప్పుడు చిన్న కుదుపు అనిపిస్తుంది. అది మీ ల్యాప్‌టాప్ నీరసం కాదు, ఏ కొత్త మెషీన్‌లో పెట్టినా అంతే.

లైఫులూ నిధులూ గుర్తొచ్చేవాళ్ళకి

షవల్ నైట్ 2014ది. అప్పటి 8 బిట్ ఆటకి మన జ్ఞాపకంలో ఉన్న రూపం ఇదే, నిజం రూపం కాదు. ఏంటి తేడా అంటే అసలు 8 బిట్ మెషీన్‌లో ఒక వరుసలో బొమ్మలు ఎక్కువైతే మినుకుమినుకుమనేవి, వెనక కొండలు ముందు చెట్లు వేర్వేరు వేగంతో కదిలే వీలు సరిగా ఉండేది కాదు. షవల్ నైట్ చేసినవాళ్ళు రంగులు దాదాపు ఆ పాత పరిధిలోనే ఉంచి, మినుకు తీసేసి, వెనక సీన్లు కదిలించి, మనకి గుర్తున్నట్టుగా చేశారు. సంగీతం కూడా ఆ కాలపు వీఆర్‌సీ6 అనే అదనపు సౌండ్ చిప్ పద్ధతిలోనే జేక్ కాఫ్‌మన్ కట్టాడు, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి, చెవులకి పండగే.

ఆటగా నాకు నచ్చింది దాని చెక్‌పాయింట్. దీపంలా వెలిగే ఆ చెక్‌పాయింట్‌ని పారతో పగలగొడితే నగలొస్తాయి, కానీ ఆ చెక్‌పాయింట్ పోతుంది. చచ్చిపోతే డబ్బులో కొంత సంచులై గాల్లో తేలుతూ ఉంటుంది, వెనక్కొచ్చి తీసుకోవచ్చు, మళ్ళీ అక్కడే చస్తే పాత సంచులు పోయినట్టే. లైఫులు లేవు, గేమ్ ఓవర్ లేదు, అయినా ఆశకి పోయి పగలగొట్టిన ప్రతిసారీ గుండె దడే. తేలిగ్గా ఆడేవాడికి తేలిక, మొండివాడికి మొండి. మెషీన్ హెచ్‌డీ 3000 దాటి ఉంటే పాత క్యాసెట్ రోజుల కోసం ఏడ్చేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. బావ జీఎంఏ దగ్గర ట్రై కూడా చెయ్యలేదు.

దానికి దీటైన ఫ్రీ ఆట స్పెలంకీ, 2008లో డెరెక్ యూ ఇచ్చిన మొదటి వెర్షన్, ఇప్పుడు క్లాసిక్ అంటారు. 2012 నుంచి వచ్చిన హెచ్‌డీ దాంతో కలిపేయకండి. ఇది పూర్తిగా వేరే మనస్తత్వం వాళ్ళకి. గనిలోకి దిగితే నాలుగు గుండెలు, నాలుగు బాంబులు, నాలుగు తాళ్ళు, అంతే. లెవెల్స్ ప్రతిసారీ కొత్తగా పుట్టుకొస్తాయి కాబట్టి కంఠతా పట్టడం కుదరదు, చస్తే మొదటి నుంచే. షవల్ నైట్‌లో మీరు స్టేజీ నేర్చుకుంటారు, స్పెలంకీలో బాణం పెట్టె ఎలా పనిచేస్తుందో, బండరాయి ఎటు దొర్లుతుందో ఆ రూల్స్ నేర్చుకుంటారు. పది నిమిషాలు దొరికితే ఆడి మూసేసే ఆట, సేవ్ గొడవ లేదు. కథ కావాలి, ఎక్కడికో చేరాలి అనేవాళ్ళకి మాత్రం రెండో రోజే విసుగొస్తుంది, మొహమాటం లేకుండా చెప్తున్నా.

ఇది గేములు తయారు చేసే పాత గేమ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది, విండోస్ 10లో మొదటిసారి తెరిస్తే DirectPlay అనే పాత విండోస్ భాగం కావాలని అడగొచ్చు, భయపడక్కర్లేదు, ఒప్పుకుంటే విండోసే దించుకుంటుంది, నెట్ ఆన్‌లో ఉండాలి అంతే.

కీబోర్డు సంగతి ఎవరూ చెప్పరు

గ్రాఫిక్స్ చూసుకుంటారు, ర్యామ్ చూసుకుంటారు, ఆడేది దేంతో? పాత ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో చాలావాటికి మూడు బటన్లు ఒకేసారి నొక్కితే మూడోది వినపడదు. బటన్లు లోపల వరుసలుగా, నిలువులుగా వైరింగ్ చేసి ఉంటాయి, కొన్ని జతలు పట్టుకుంటే మూడోది నిజంగా నొక్కారో లేదో కీబోర్డుకే తెలియక వదిలేస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి పై బాణం, ఎడమ బాణం కలిపి పట్టుకుని X కొట్టండి. x పడిందా? ఇప్పుడు పై, కుడి పట్టుకుని కొట్టండి, తర్వాత Z, C లతో చూడండి. ఏ కలయికలో అక్షరం పడకపోతే ఆ కలయికతో ఆడే గేమ్ మీకు పనికిరాదు, లేదా గేమ్‌లో బటన్లు మార్చుకోవాలి.

బావ దాంట్లో పై, ఎడమ పట్టుకుంటే X పడలేదు. సెలెస్టెలో ఏటవాలుగా దూకడం అంటే సరిగ్గా అదే, రెండు బాణాలు పట్టుకుని, ఒక్క ఉదుటున దూసుకెళ్ళే డాష్ బటన్. దానికి తోడు గోడ పట్టుకునే బటన్ కూడా ఉంటుంది. మనిషి చేతకాక చచ్చిపోతున్నాననుకుని తిట్టుకుంటాడు, తప్పు కీబోర్డుది. యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఉంటే ఈ గొడవే లేదు.

గేమ్‌ప్యాడ్ లేనివాళ్ళకి దేవుడిచ్చిన గేమ్ వీవీవీవీవీవీ, ఆరు వీలు, 2010లో టెర్రీ కవనా చేశాడు. ఇందులో జంప్ లేదు. ఎడమ, కుడి, ఇంకొక బటన్. ఆ బటన్ నొక్కితే భూమ్యాకర్షణ తిరగబడి మీరు పైకప్పు మీద నిలబడతారు, అంతే ఆట. ఎప్పుడూ రెండు బటన్లకి మించి పట్టుకోరు కాబట్టి ఎంత చెడ్డ కీబోర్డైనా సరిపోతుంది. మొదట ఫ్లాష్‌లో వచ్చింది, 2011లో సీ ప్లస్ ప్లస్‌లో మళ్ళీ రాశారు, తేలికైంది అప్పుడే, 2020లో దాని సోర్స్ కోడ్ కూడా బయటపెట్టారు. మేక్ అండ్ ప్లే ఎడిషన్ అని ఫ్రీది ఒకటుంది, అందులో అసలు కథ ఉండదు, జనం చేసిన లెవెల్సూ ఎడిటరూ ఉంటాయి, మీ మెషీన్‌లో ఎలా నడుస్తుందో ముందు దాంతో చూసుకుని తర్వాత అసలుది కొనుక్కోవచ్చు.

చెక్‌పాయింట్లు అడుగడుగునా ఉంటాయి, చస్తే రెప్పపాటులో మళ్ళీ అక్కడే. రెండు మూడు గంటల ఆట. ఒక్క చోట మాత్రం ప్రాణం తీస్తుంది, చిన్న దిమ్మె అవతల ఒక మెరిసే వస్తువు ఉంటుంది, జంప్ లేదు కదా, ఆ దిమ్మె దాటడానికి ఆరు గదులు ముళ్ళ మధ్యలో పైకి పడి, మళ్ళీ అవే ఆరు గదులు కిందికి పడాలి. అది తీసుకోకపోయినా కథ పూర్తవుతుంది. నేను ఒక రాత్రి దానికే ఇచ్చాను, ఎన్నిసార్లు చచ్చానో గేమే లెక్కపెట్టి చూపిస్తుంది, ఆ అంకె ఇక్కడ రాయను.

మరి సెలెస్టె ఆడాలనుండి మెషీన్ సరిపోనివాళ్ళకి సెలెస్టె క్లాసిక్ ఉంది. పెద్ద గేమ్ కన్నా ముందు మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో పికో-8 మీద చేసిన చిన్న గేమ్ అది, 30 లెవెల్స్, ఫ్రీ, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పికో-8 అంటే ఊహించుకుని కట్టిన పాత కన్సోల్ లాంటిది, 128×128 స్క్రీన్, 16 రంగులు, ఆ హద్దుల్లోనే గేమ్ చేయాలి. కథ లేదు, మొహాలు లేవు, కొండెక్కడం ఒక్కటే. డాష్ ఏటవాలుగా ఇక్కడా ఉంది కాబట్టి నోట్‌ప్యాడ్ పరీక్ష దీనికీ చెయ్యాలి, అయితే పికో-8లో X బదులు V, Z బదులు C కూడా పనిచేస్తాయి, ఒక జత పడకపోతే ఇంకో జత పడే అవకాశముంది. బావ కీబోర్డులో V పడింది. బ్రౌజర్‌లో మిగతా ట్యాబులన్నీ మూసేయండి, 2 జీబీలో ఈ గేమ్ కన్నా మీరు తెరిచి మర్చిపోయిన ట్యాబులే బరువు.

పెద్ద సెలెస్టెకి ఒక మాట, మెషీన్ ఉన్నవాళ్ళు చేతివేళ్ళు మునుపటిలా కదలడం లేదని వదిలేయొద్దు. అసిస్ట్ మోడ్‌లో ఆట వేగం సగానికి దాకా తగ్గించుకోవచ్చు, మిగతా ఆటల్లో ఇంత సౌకర్యం లేదు, వీవీవీవీవీవీలో మాత్రం వేగం తగ్గించడం, చావకుండా ఆడటం ఆప్షన్లలో ఉన్నాయి.

స్క్రీన్‌కి సరిగ్గా పట్టేది ఏది

1366×768 స్క్రీన్ చాలా పాత ల్యాప్‌టాపుల్లో ఉంటుంది, అందుకే దాంతోనే లెక్క వేస్తున్నా. గేమ్‌లో ఒక గడి మీ స్క్రీన్ మీద సరిగ్గా 3 గళ్ళో 4 గళ్ళో కావాలి, మూడుంపావు అయితే కొన్ని గళ్ళు లావు, కొన్ని సన్నం అవుతాయి, నిలబడ్డప్పుడు తెలీదు కానీ సీన్ పక్కకి జరిగేటప్పుడు నేలంతా పాకుతున్నట్టు మెరుస్తుంది, పావుగంట చూస్తే కళ్ళు లాగుతాయి. 240 గళ్ళ ఎత్తున్న ఆటని 768 కి లాగితే 3.2 రెట్లు, అదే మూడు రెట్లకి ఆపితే 720, పైనా కిందా 24 గళ్ళ నల్ల పట్టీ ఉంటుంది, బొమ్మ గీత గీసినట్టు ఉంటుంది. వీవీవీవీవీవీ గ్రాఫిక్ ఆప్షన్లలో స్కేలింగ్ దగ్గర ఇంటీజర్ అని పెడితే ఇదే చేస్తుంది. సెలెస్టె 180 ని నాలుగు రెట్లు చేస్తే అదీ 720. షవల్ నైట్ లోపలి సైజు 400×240, మూడు రెట్లకి 1200×720 వస్తుంది, వెడల్పు కూడా దాదాపు నిండుతుంది.

పికో-8 లెక్క చూడండి, 128 ని ఆరుతో గుణిస్తే 768. పైనా కిందా ఒక్క గడి కూడా మిగలదు. ఎవరూ అనుకుని చేసింది కాదు, ఈ పాత స్క్రీన్‌కి అచ్చంగా కుట్టినట్టు వచ్చింది.

ఇంకొకటి, ఆట నెమ్మదిగా ఉంటే సంగీతం వినండి. పాట మామూలు వేగంతో నడుస్తూ మనిషి మాత్రం నీళ్ళలో నడిచినట్టు కదిలితే మెషీన్ ఫ్రేములు అందుకోలేకపోతోందని అర్థం, ఈ రకం గేములు చాలావరకు ఫ్రేములు దాటేయవు, ఆటనే నెమ్మది చేస్తాయి. పాట కూడా తెగి తెగి వస్తే ర్యామో డిస్కో, లేదా ల్యాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లో ఉందో చూసుకోండి. ఛార్జర్ పెట్టగానే బాగైపోయినవి నేనే రెండు చూశాను.

అసలు సిసలు పాతదే కావాలంటే

వీటన్నిటికన్నా ఒక మెట్టు కిందికి దిగితే మైక్రో మేజెస్ ఉంది, 2019లో మార్ఫ్‌క్యాట్ వాళ్ళు చేశారు. ఇది 8 బిట్ లాగా కనిపించే గేమ్ కాదు, నిజంగానే టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టి ఆడే ఆ పాత ఎన్‌ఈఎస్ కన్సోల్ మీద నడిచేలా రాసింది, మొత్తం గేమ్ 40 కిలోబైట్లు. ఫోన్‌లో ఒక మసక ఫోటో దానికన్నా పెద్దది. దాని ROM ఫైల్‌ని, కంప్యూటర్‌లో ఆ కన్సోల్‌లా పనిచేసే ఏ ఎన్‌ఈఎస్ ఎమ్యులేటర్‌లో పెట్టినా నడుస్తుంది, నలుగురు కలిసి ఆడొచ్చు, ఇంట్లో పిల్లలుంటే కొట్టుకుచస్తారు. స్పెలంకీ, కేవ్ స్టోరీ నడవని మెషీన్ మీ దగ్గరుంటే, ఉండదనుకోండి, ఇది మాత్రం నడుస్తుంది.

మరి అండర్‌టేల్ ఎందుకు చెప్పలేదు అంటారు. తేలికే, మంచిదే, కానీ అది చదివే ఆట, ఇంగ్లీష్ డైలాగుల్లో వెటకారం పట్టుకోగలిగితేనే మజా, చేతి ఆట కోసం వెతికేవాళ్ళకి నేను చెప్పను.

బావ విషయానికొస్తే కేవ్ స్టోరీ, వీవీవీవీవీవీ, సెలెస్టె క్లాసిక్ మూడూ పెట్టిచ్చాను. కేవ్ స్టోరీలో శాండ్ జోన్ దగ్గర కర్లీ అనే అమ్మాయి తన మెషిన్ గన్ ఇస్తాను నీ పోలార్ స్టార్ ఇస్తావా అని అడుగుతుంది, ఇచ్చేస్తే తర్వాత ఆ పోలార్ స్టార్ నుంచి రావాల్సిన స్పర్ అనే తుపాకీ ఇక రాదు, అది ఆటలో ఎక్కడా చెప్పరు. ఈ సంగతి చెప్దామని ఫోన్ చేశాను.

"బావా, శాండ్ జోన్‌కి వచ్చావా? అక్కడ గన్ మార్చమంటే మార్చకు."

"మార్చేశాన్రా నిన్ననే. భలే ఉంది, పైకి కాలిస్తే కిందికి ఎగురుతున్నా, అబ్బ కాదు, కిందికి కాలిస్తే పైకి."

పాత `Profile.dat` కాపీ ఉందా అని అడిగాను. కాపీ ఏంటి అన్నాడు.